నాలుగంకెలు తెలిసినవాడు

కంప్యూటర్ భద్రతను బద్దలుకొట్టకుండా, ఉత్త మాటలతో ఒకరి ఖాతాను మరొకరు లాగేసుకోవడం ఎలా సాధ్యమో తెలుసుకోవాలంటే 2012 ఆగస్టు 3న అమెరికాలో జరిగిన సంఘటనను కాస్త దగ్గరగా చూడాలి. మాట్ హోనన్ అనే ఆయన వైర్డ్ పత్రికలో పాత్రికేయుడు. ట్విట్టర్‌లో ఆయనకు మూడే మూడక్షరాల పేరుతో ఖాతా ఉండేది. అంత పొట్టి పేర్లు దొరకవు గనుక వాటికి గిరాకీ ఎక్కువ. ఇద్దరు కుర్రాళ్ల కన్ను ఆ పేరు మీద పడింది. ఆయన మీద వాళ్లకు పగ లేదు, పరిచయం కూడా లేదు. ట్విట్టర్ పేజీలో ఆయన సొంత వెబ్‌సైటు లింకు ఉంది, ఆ సైటులో జీమెయిల్ చిరునామా ఉంది. జీమెయిల్‌లో పాస్‌వర్డ్ మరిచిపోయామని నొక్కితే, కొత్త పాస్‌వర్డ్‌కు దారి ఏ చిరునామాకు పంపుతారో సగం చుక్కలు పెట్టి చూపించింది. మొదటి అక్షరం, చివరి అక్షరం, ఆ తర్వాత యాపిల్ కంపెనీ మెయిల్ సర్వీసు పేరు. ఇంకేం, యాపిల్ ఖాతా చేతికొస్తే జీమెయిల్ వస్తుంది, జీమెయిల్ వస్తే ట్విట్టర్ వస్తుంది. అప్పట్లో యాపిల్ హెల్ప్ డెస్క్‌కు ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్చమని అడిగితే, ముందుగా రాసిపెట్టుకున్న రహస్య ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయినా ఫరవాలేదు. బిల్లు వెళ్లే ఇంటి చిరునామా, క్రెడిట్ కార్డు చివరి నాలుగంకెలు చెబితే చాలు.

చిరునామా వెబ్‌సైటు రిజిస్ట్రేషన్ రికార్డులోనే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. మిగిలింది నాలుగంకెలు. వాటి కోసం వాళ్లు అమెజాన్‌కు ఫోన్ చేశారు, అదీ రెండుసార్లు. మొదటి కాల్‌లో అడిగింది ఎవరికీ అనుమానం రాని చిన్న పని: నా ఖాతాలో ఇంకో కార్డు చేర్చండి. దానికి పేరు, ఈమెయిలు, బిల్లు చిరునామా చెబితే సరిపోయేది. కార్డు నంబరు నిజమైనదై ఉండాల్సిన పని కూడా లేదు, కార్డు నంబర్ల లెక్కకు సరిపోయే కల్పిత నంబరు చాలు. ఫోన్ పెట్టేసి, మళ్లీ చేశారు. ఈసారి చెప్పింది వేరే కథ: నా ఖాతాలోకి వెళ్లలేకపోతున్నాను, కొత్త ఈమెయిలు చేర్చండి. ఏజెంట్ నిబంధన ప్రకారమే పేరు, చిరునామా, ఖాతాలో ఉన్న ఒక కార్డు నంబరు అడిగాడు. ఇందాక తామే చేర్చిన కార్డు నంబరును వాళ్లు ఒప్పజెప్పారు. కొత్త ఈమెయిలు చేరింది, దానికి పాస్‌వర్డ్ మార్చుకునే లింకు వచ్చింది, లోపలికి వెళ్తే అసలు కార్డుల చివరి నాలుగంకెలు కనబడ్డాయి. సాయంత్రం 4:33కు యాపిల్‌కు కాల్ వెళ్లింది. 5:05 అయ్యేసరికి హోనన్ ఫోను, ట్యాబ్లెట్, ల్యాప్‌టాప్ మూడూ దూరం నుంచే తుడిచిపెట్టుకుపోయాయి. ఆయన తిరిగి స్వాధీనం చేసుకోకుండా ఆపడానికి ఆ పని చేశారు. ఏడాదికి పైగా తీసుకున్న కూతురి ఫోటోలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. తర్వాత డేటా వెలికితీసే సంస్థ ఒకటి చాలావరకు తిరిగి రాబట్టింది.

ఈ కథ విన్నవాళ్లు సాధారణంగా అనేమాట, ఏజెంట్లు మోసపోయారని. ఆ మాట నాకు సగమే నిజంగా తోస్తుంది. ముగ్గురు ఏజెంట్లూ అడగమన్న ప్రశ్నలు అడిగారు, వచ్చిన జవాబులు సరైనవే. వైర్డ్ పత్రికవాళ్లు అదే పద్ధతిని మరో ఖాతా మీద ప్రయోగించి చూస్తే అప్పుడూ పని చేసింది. అంటే ఒక మనిషి ఏమరుపాటు కాదిది, కట్టుబాటే అలా ఉంది. అమెజాన్ దృష్టిలో కార్డు చివరి నాలుగంకెలు తెర మీద చూపించగలిగేంత మామూలు వివరం. యాపిల్ దృష్టిలో అవే నాలుగంకెలు మనిషిని గుర్తుపట్టే ఆధారం. రెండు కంపెనీలూ ఎవరి లెక్కలో వాళ్లు సరిగానే ఉన్నారు, ఆ రెండు లెక్కల నడుమ ఉన్న సందులోంచి కుర్రాళ్లు నడిచి వెళ్లారు. అందుకే నేననేది ఇది: వెరిఫికేషన్ ప్రశ్న బలం అడిగే మనిషి చురుకుదనంలో లేదు. దాని జవాబు ఇంకా ఎక్కడెక్కడ దొరుకుతుంది, జవాబు రానప్పుడు ఏజెంట్ ముందున్న కంప్యూటర్ ఏం చేయనిస్తుంది, ఈ రెండింటిలోనే ఉంది.

మొదట ఆ ప్రశ్నలు ఎలా పుట్టాయో చూద్దాం. 1906లో అమెరికన్ బ్యాంకర్ల సంఘం సమావేశంలో బాల్టిమోర్‌కు చెందిన విలియం హేడెన్ అనే బ్యాంకరు తమ పద్ధతి వివరించాడు. ఖాతా తెరిచేటప్పుడు సంతకం కార్డు మీద పుట్టిన ఊరు, నివాసం, వృత్తి, వయసుతో పాటు తల్లి పుట్టింటిపేరు కూడా రాయించుకునేవాళ్లు. సంతకానికి తోడుగా ఆ పేరును గుర్తింపు పరీక్షగా వాడేవాళ్లు. కుటుంబం దాటి బయటివాళ్లకు అది సాధారణంగా తెలియదన్నదే ఆయన తర్కం. ఆ తర్కంలో తప్పేమీ లేదు, కాకపోతే అది ఆ కాలానికీ ఆ సమాజానికీ అతుక్కుని ఉన్న తర్కం. మన పెళ్లి శుభలేఖ ఒకటి చేతిలోకి తీసుకోండి. వధూవరుల తాతల పేర్లు, అమ్మమ్మల పేర్లు, మాతామహుల ఇంటిపేరుతో సహా అచ్చువేసి మనమే ఊరంతా పంచుతాం. ఇప్పుడైతే దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతాం, కింద మేనమామలు ఇంటిపేర్లతో సహా శుభాకాంక్షలు రాస్తారు. అమెరికాలో బ్యాంకు ఖాతా తెరిచిన తెలుగువాడు తల్లి పుట్టింటిపేరును రహస్యంగా ఎంచుకుంటే, ఆ రహస్యం ఎంతమంది బంధువుల బీరువాల్లో ఉందో లెక్కపెట్టలేం.

సరే, ఇంటిపేరు వద్దు, మనసుకు మాత్రమే తెలిసిన ప్రశ్న అడుగుదాం అన్నారు: ఇష్టమైన వంటకం, మొదటి టీచరు పేరు, భార్యను ఎక్కడ కలిశారు. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌లోకి ఒక కాలేజీ కుర్రాడు దూరింది ఈ దారినే. పుట్టిన తేదీ, పిన్‌కోడ్, జీవిత భాగస్వామిని కలిసిన చోటు, మూడూ బహిరంగంగా దొరికే వివరాల నుంచి పట్టుకున్నాడు. ఆమె ప్రసిద్ధురాలు కాబట్టి అలా జరిగిందనుకోవచ్చు. కానీ 2015లో గూగుల్ పరిశోధకులు తమ దగ్గరున్న కోట్లాది జవాబులను పరిశీలించి చెప్పింది ఇంకా ఇబ్బందికరమైన సంగతి. ఇంగ్లీషు మాట్లాడే వినియోగదారుల ఇష్టమైన వంటకాన్ని ఒకే ఒక్క ఊహలో పట్టుకునే అవకాశం 19.7 శాతం. పిజ్జా అంటే చాలు. అదే సమయంలో, అమెరికాలోని ఇంగ్లీషు వినియోగదారుల్లో 40 శాతం మందికి అవసరమైనప్పుడు తమ జవాబు తమకే గుర్తు రాలేదు. దొంగకు సులువు, యజమానికి కష్టం. పైగా ఎవరికీ తెలియకూడదని కావాలనే అబద్ధపు జవాబు రాసుకున్నవాళ్లు 37 శాతం, తీరా ఆ అబద్ధాలు కూడా చాలామందివి ఒకేలా ఉన్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పెంపుడు జంతువు పేరు లాంటి ప్రశ్నలతో రహస్యపదాలు రాయించుకోకూడదని చెప్పేసింది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. జవాబులు ఇంత సులువుగా దొరికితే ఈ ప్రశ్నలు ఇంకా ఎందుకు ఉన్నాయి? నా ఉద్దేశంలో వాటికి రెండో పని ఒకటుంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. ప్రశ్న అనేది కాల్ చేసినవాడికి పరీక్ష, అదే సమయంలో కాల్ ఎత్తినవాడికి అండ. హైదరాబాదులోనో విశాఖలోనో రాత్రి షిఫ్టులో కూర్చుని అమెరికా కంపెనీ ఉద్యోగుల కాల్స్ తీసుకునే కుర్రాడిని ఊహించుకోండి. ఒక్కో కాల్‌కు ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్క ఉంటుంది. దాన్ని వాళ్లు ఏహెచ్‌టీ అంటారు. మొదటి కాల్‌లోనే సమస్య తీరిందా లేదా, కస్టమర్ ఎన్ని మార్కులు వేశాడు, ఇవన్నీ వారం చివర టీమ్ లీడ్ ముందుకు వస్తాయి. అలాంటివాడికి ఫోన్ వచ్చి, నేను ఫలానా వైస్ ప్రెసిడెంటును, ఇంకో పది నిమిషాల్లో బోర్డు మీటింగు, ఫోన్ మార్చాను, లాగిన్ కావట్లేదు అని విసుగ్గా మాట్లాడితే కాదనడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అడిగినవాడు ఇక్కడ దొర, ఇచ్చేవాడు లోకువ. ఆ క్షణంలో ఇది నా నిర్ణయం కాదండీ, ఈ మూడింటికి జవాబు వస్తే తప్ప నా స్క్రీన్ మీద బటన్ తెరుచుకోదు అనగలిగితే ఆ కుర్రాడు బతికిపోతాడు. ప్రశ్నావళి నిజమైన విలువ అక్కడే ఉంది: గొంతును బట్టి మనిషిని అంచనా వేసే భారం ఏజెంట్ మీద నుంచి తీసేస్తుంది.

గొంతును బట్టి అంచనా వేస్తే ఏమవుతుందో 2016లో ప్రసారమైన ఒక ప్రయోగం చూపించింది. కెవిన్ రూస్ అనే అమెరికన్ పాత్రికేయుడు తన మీదే దాడి చేయమని లాస్‌వెగాస్‌లో జరిగే డెఫ్‌కాన్ సదస్సులో నిపుణులను కోరాడు. ఒక యువతి యూట్యూబ్‌లో పసిబిడ్డ ఏడుపు వినిపించే వీడియో పెట్టి, ఆయన ఫోన్ కంపెనీకి కాల్ చేసింది. తాను ఆయన భార్యనని, లోన్ పని మీద ఖాతా వివరాలు కావాలని, బిడ్డ ఏడుస్తోంది క్షమించండని చెప్పింది. నిమిషాల్లోనే ఆయన ఈమెయిలు చిరునామా తెలుసుకుంది, ఖాతా మీద తనకు అధికారం కూడా సంపాదించింది. అవతలి ఏజెంట్ చెడ్డ మనిషి కాదు, చేసిందల్లా ఏడుస్తున్న బిడ్డ ఉన్న తల్లికి సాయం. అసలు ఈ మోసానికి పెట్టుబడి ఆ మంచితనమే. కోపం, కన్నీరు, హోదా, తొందర, వీటిలో ఏదో ఒకటి నిబంధన స్థానంలోకి వచ్చి కూర్చోవాలని దాడి చేసేవాడు చూస్తాడు. ఒక ఏజెంట్ గట్టిగా ఉంటే వాదించడు, మర్యాదగా ఫోన్ పెట్టేసి మళ్లీ చేస్తాడు, ఇంకొకరు ఎత్తుతారు. ప్రతి కాల్‌లో ఒక చిన్న ముక్క పట్టుకుంటాడు: మేనేజరు పేరు, ఉద్యోగి నంబరు ఎన్ని అంకెలుంటుంది, రీసెట్ కోరితే ఏమేం అడుగుతారు. పదో ఏజెంట్ దగ్గరికి వచ్చేసరికి అతని మాట లోపలి ఉద్యోగి మాటలాగే ఉంటుంది.

ఇందుకు చాలామంది చెప్పే మందు శిక్షణ. ఏజెంట్లకు బాగా నేర్పించండి, అనుమానించడం అలవాటు చేయండి అంటారు. శిక్షణ అక్కర్లేదని నేననను, కానీ రోజూ పదుల కాల్స్‌లో నూటికి తొంభై తొమ్మిది నిజమైన ఇబ్బందులే అయినప్పుడు అనుమానం ఎంతకాలం నిలుస్తుంది? మనిషి చెవి ఎక్కువసార్లు విన్నదానికే అలవాటు పడుతుంది. ఇంకొకరు ఓటీపీ, రెండో అంచె భద్రత వచ్చాక ఈ గొడవే లేదంటారు. ఇది బొత్తిగా తప్పు. రెండో అంచె ఉన్న చోట దొంగ అడిగేది పాస్‌వర్డ్ కాదు, ఫోన్ పోయింది, ఆ రెండో అంచెను కొత్త ఫోనుకు మార్చండని. తాళం ఎంత గట్టిదైనా, తాళంచెవి పోగొట్టుకున్నవాడికి ఇంకో తాళంచెవి ఇచ్చే కిటికీ ఒకటి ఉండక తప్పదు. దాడి అక్కడికి మారుతుంది.

ఆ కిటికీ దగ్గర ఏం జరగవచ్చో చెప్పే తాజా ఉదాహరణ అమెరికాలో క్లోరాక్స్ వేసిన దావా. బ్లీచింగ్ ద్రావణాలు, శుభ్రపరిచే సామాన్లు చేసే కంపెనీ అది. 2023 ఆగస్టులో దాని నెట్‌వర్క్‌లోకి చొరబాటు జరిగి ఉత్పత్తి దెబ్బతింది. 2025 జూలైలో తమ హెల్ప్ డెస్క్ నడిపిన కాగ్నిజెంట్ మీద కాలిఫోర్నియా కోర్టులో ఆ కంపెనీ దావా వేసి, నష్టం దాదాపు 38 కోట్ల డాలర్లని చెప్పింది. ఎవరో ఉద్యోగినంటూ ఫోన్ చేసి పాస్‌వర్డ్ లేదంటే, ఏ ప్రశ్నా అడగకుండా ఇచ్చేశారని, రెండో అంచె భద్రతనూ మార్చేశారని ఆరోపణ. కాగ్నిజెంట్ దీన్ని ఒప్పుకోలేదు. తమకు అప్పగించింది హెల్ప్ డెస్క్ అనే పరిమితమైన పని, దాన్ని సక్రమంగా చేశాం, సైబర్ భద్రత మా బాధ్యత కాదు అని జవాబిచ్చింది. ఎవరిది తప్పో కోర్టు తేల్చాలి. నా ఆసక్తి ఫిర్యాదులోనే ఉన్న ఇంకో వివరం మీద. ఉద్యోగి సొంతంగా రీసెట్ చేసుకోలేని పక్షంలో ఏజెంట్ అడగాల్సినవి అతని మేనేజరు పేరు, యూజర్ నేమ్ అట. ఆ తర్వాత ఉద్యోగికీ మేనేజరుకూ ఈమెయిలు వెళ్లాలి. ఒక్క నిమిషం ఆలోచించండి. మేనేజరు ఎవరన్నది లింక్డిన్‌లో పది నిమిషాలు వెతికితే ఊహించగలిగే సంగతి. యూజర్ నేమ్ ఈమెయిలు చిరునామాకు దగ్గరగా ఉండటం చాలా కంపెనీల్లో మామూలు. ఆ ప్రశ్నలు నిక్కచ్చిగా అడిగి ఉన్నా దొంగ ఆగేవాడని ఖాయంగా చెప్పలేం. ఆ పద్ధతిలో నిజంగా పనికొచ్చే భాగం ప్రశ్న కాదు, మేనేజరుకు వెళ్లే ఆ ఈమెయిలు. ఎందుకంటే అది కాల్ చేసినవాడి నోటి మీద ఆధారపడదు.

ఇప్పుడు మంచి ప్రశ్న అంటే ఏమిటో తేల్చవచ్చు. కాల్ చేసినవాడు చెప్పే జవాబు కంటే, అతను ముట్టుకోలేని దారిలో మనం వెతికి తెచ్చుకునే జవాబు మేలు. ఫోన్ పెట్టేసి, హెచ్ఆర్ రికార్డులో ఉన్న నంబరుకు మనమే తిరిగి చేయడం అందులో అన్నిటికంటే పాతది, ఇప్పటికీ గట్టిది. కాల్ చేసినవాడు ఆ నంబరు పోయింది, ఈ కొత్త నంబరుకు చేయండి అంటే, అక్కడే ఆగి మేనేజరును వీడియో కాల్‌లోకి పిలవాలి. పాస్‌వర్డూ, రెండో అంచె, ఫోన్ నంబరూ మూడూ ఒకే రోజు మార్చమంటే అది ఏజెంట్ స్థాయిలో జరగకూడదు, స్క్రీనే ఒప్పుకోకూడదు. హోనన్ వ్యవహారం బయటపడిన కొద్ది రోజుల్లోనే యాపిల్ ఫోన్ ద్వారా పాస్‌వర్డ్ మార్చడం తాత్కాలికంగా నిలిపేసింది. అమెజాన్ కూడా కాల్ మీద ఈమెయిలు, కార్డు చేర్చడం మానేసింది. ఏజెంట్లకు కొత్తగా ఉపదేశాలు చేయడం కంటే ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. బటన్ లేకపోతే బతిమాలినా లాభం లేదు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయకూడదు. నిజంగానే ఫోన్ పోగొట్టుకుని, ఊరుకాని ఊళ్లో చిక్కుకున్నవాడి సంగతేమిటి? దొంగను ఆపే ప్రతి గోడా అతనికీ అడ్డమే. గూగుల్ లెక్కలోని ఆ 40 శాతం మంది అబద్ధం చెప్పడం లేదు, మరిచిపోయారంతే. పెద్దవాళ్లు, చదువు తక్కువవాళ్లు ఇక్కడే ఎక్కువ నలుగుతారు. దీనికి సమాధానం ప్రశ్నలు పెంచడం కాదు, సమయం తీసుకోవడం అని నా అభిప్రాయం. మన దేశంలో ట్రాయ్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ఒకటుంది: సిమ్ మార్చుకున్నాక ఏడు రోజుల దాకా ఆ నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయడానికి వీల్లేదు. ఒకరి సిమ్‌ను మాటలతో తన పేర మార్పించుకున్నవాడికి కావలసింది వేగం, ఎందుకంటే అసలు యజమాని ఫోనులో సిగ్నల్ పోయిందని గమనించేలోపు పని ముగించాలి. వారం ఆగమంటే నిజమైనవాడికి చికాకు, ఆ నంబరును వేరే కంపెనీకి లాక్కుపోవాలనుకున్న దొంగకు అడ్డుకట్ట. కంపెనీ ఖాతాల్లోనూ ఇదే వాడొచ్చు: రీసెట్ ఇచ్చినా, మొదటి 24 గంటలు మెయిల్ చదవడం వరకే, డబ్బు బదిలీ, పెద్ద అధికారాలు మర్నాడు తెరుచుకునేలా. ఈలోగా పాత చిరునామాలన్నిటికీ సమాచారం వెళుతుంది.

చివరికి మిగిలేది ఖర్చు. తిరిగి కాల్ చేయడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, మేనేజరు దొరక్కపోతే టికెట్ మర్నాటికి మిగిలిపోతుంది, ఏజెంట్ ఏహెచ్‌టీ పాడవుతుంది. హెల్ప్ డెస్క్ పనిని కాంట్రాక్టుకు ఇచ్చే కంపెనీలు ఒప్పందంలో ఒక్కో కాల్ ఎన్ని నిమిషాల్లో ముగియాలో రాస్తాయి. రీసెట్ కాల్స్‌ను ఆ లెక్కలోంచి తీసేశామన్న ఒక్క వాక్యం అందులో లేకపోతే, రాత్రి రెండింటికి వైస్ ప్రెసిడెంటు గొంతుతో ఎవరో అరుస్తున్నప్పుడు ఆ కుర్రాడు ఫోన్ పెట్టేసి రికార్డులోని నంబరుకు డయల్ చేస్తాడని ఆ కంపెనీ ఆశించడానికి నాకైతే కారణం కనబడదు.